ఒప్పందం పెద్దదా, ఆచారం పెద్దదా? దాద్రా, నాగర్ హవేలీ కేసు దగ్గర ఆగిపోయాం

నల్లగొండ_లా_అమ్మాయి

అందరికీ నమస్తే. ఎల్ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఎల్ఎల్ఎం ఎంట్రన్స్ కోసం నల్లగొండలో నలుగురం కలిసి చదువుకుంటున్నాం. ఒక కోచింగ్ సెంటర్ మోడల్ పేపర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ప్రశ్నలు మమ్మల్ని చంపుతున్నాయి.

మొదటిది: అంతర్జాతీయ చట్టానికి ఉన్న మూలాల్లో ప్రాధాన్య క్రమం ఏది? కీలో ఇచ్చిన జవాబు "ఒప్పందాలు, ఆ తర్వాత ఆచారం, ఆ తర్వాత సాధారణ సూత్రాలు". అంతర్జాతీయ న్యాయస్థానం, అంటే ఐసీజే, దాని శాసనం 38వ అధికరణలో అదే వరసలో ఉన్నాయి కాబట్టి సరే అనుకున్నాం.

రెండోది: పోర్చుగల్, భారత్ మధ్య నడిచిన దారి హక్కు కేసులో కోర్టు దేన్ని ఆధారం చేసుకుంది? కీలో "రెండు దేశాల మధ్య ఉన్న ప్రత్యేక ఆచారం" అని ఉంది. అదే కేసులో పోర్చుగల్ 1779 నాటి ఒప్పందం కూడా చూపించింది కదా! ఒప్పందం పైమెట్టులో ఉంటే కోర్టు దాన్ని వదిలి ఆచారాన్ని ఎందుకు పట్టుకుంది? మా నలుగురిలో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. ఎవరైనా జర విడమరచి చెప్పండి.

కోదాడ_నోట్స్

చాలా సింపుల్ చెల్లీ. 38వ అధికరణలో ఏ, బీ, సీ, డీ అని ఉన్నది ఊరికే కాదు. ముందు ఒప్పందం చూడాలి. లేకపోతే ఆచారం. అదీ లేకపోతే సాధారణ సూత్రాలు. అవీ లేకపోతే పాత తీర్పులు, పండితుల రాతలు. మెట్ల మాదిరి ఒక్కొక్కటే దిగాలి. ఆ కేసులో 1779 ఒప్పందం చెల్లదని కోర్టు కొట్టేసింది, అందుకే కిందికి దిగి ఆచారం చూసింది. రెండు జవాబులూ కరెక్టే, గొడవేమీ లేదు. నేను ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

దేవరకొండ_రైతుబిడ్డ

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. దారి హక్కు, ఆచారం అని కనిపిస్తే ఆగాను. మా చేనుకి పోవాలంటే పక్క పట్టాదారు భూమిలోంచే బాట. మా తాత కాలం నుంచి ఎడ్లబండి అక్కడి నుంచే పోతుంది. మొన్న వాళ్ల కొడుకు కడీలు పాతి ముళ్లతీగ కట్టిండు. అడిగితే నీ దగ్గర కాయితం ఏది అంటుండు. ఆ పోర్చుగల్ తీర్పు ప్రింట్ తీసి తహసీల్దార్‌కి చూపిస్తే పని అయితదా?

మిర్యాలగూడ_వకీలు

రైతుబిడ్డ తమ్ముడూ, ఆ తీర్పు దేశాల మధ్యది. మన ఆఫీసులో చూపిస్తే నవ్వుతారు. నీది సివిల్ కోర్టు పని. ముందు మీ ఊరి నక్షలో ఆ బండి బాట గీసి ఉందేమో చూడు. ఉంటే సగం కేసు నెగ్గినట్టే. నీకు నా ప్రశ్న ఒకటే: బండి పోవడానికి మీ నాయన ఎప్పుడైనా ఆ పక్క ఆసామిని అడిగేవాడా? జవాబు చెప్పు, తర్వాత మాట్లాడదాం. చిత్రం ఏమిటంటే హేగ్‌లో జడ్జీలు కూడా ఇదే ప్రశ్న వేసుకున్నారు.

గద్వాల_నదిగట్టు

ఇదే ఊపులో ఒక డౌట్. కృష్ణా నీళ్లలో మన వాటా గురించి కూడా ఈ అంతర్జాతీయ ఆచారం వాడుకోవచ్చా? పై రాష్ట్రం, కింది రాష్ట్రం అంటారు కదా.

మిర్యాలగూడ_వకీలు

వాడలేం. రాష్ట్రాల మధ్య నది గొడవకి 1956 నాటి చట్టం ఉంది, దాని కింద ట్రిబ్యునల్ ఉంది. బచావత్ అయినా, బ్రిజేశ్ కుమార్ అయినా ఆ దారిలో వచ్చినవే. దానికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ మొదలైతే తెల్లారదు.

వనపర్తి_పంతులమ్మ

అమ్మాయీ, కోచింగ్ వాళ్ల మొదటి జవాబే తప్పు. రెండోది ఒప్పు. అందుకే మీ నలుగురికీ పొత్తు కుదరడం లేదు.

కోదాడ తమ్ముడు చెప్పిన మెట్ల సంగతి ముందు చూద్దాం. 1920లో హేగ్‌లో పది మంది న్యాయకోవిదులు కూర్చుని అప్పటి శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానానికి శాసనం రాశారు. ఇప్పటి 38వ అధికరణ అక్కడి నుంచి వచ్చిందే. బెల్జియంకి చెందిన బారన్ డెకాంప్ ఇచ్చిన ముసాయిదాలో కోర్టు వీటిని "ఈ కింది క్రమంలో" వర్తింపజేయాలి అనే మాట నిజంగానే ఉంది. అది నానాజాతి సమితికి వెళ్లాక అక్కడి ఉపసంఘం ఆ మాటను తీసేసింది. క్రమం అనే మాట ఉంచాలా వద్దా అని చూసి మరీ తీసేసిన పాఠాన్ని పట్టుకుని, అందులో క్రమం ఉందని మనం చదవకూడదు. ఆ అధికరణలో తక్కువ స్థాయి అని తేల్చి చెప్పింది ఒక్క "డీ" గురించే. తీర్పులు, పండితుల రాతలు నియమాన్ని తెలుసుకోవడానికి సాయపడే సాధనాలు మాత్రమే అని అక్కడ స్పష్టంగా ఉంది. ఏ, బీ, సీ మధ్య అలాంటి మాట ఏదీ లేదు.

ఇక కేసు. కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఎందుకంటే అసలు విషయమంతా వివరాల్లోనే ఉంది.

డామన్ సముద్రం ఒడ్డున. దాద్రా, నాగర్ హవేలీ లోపలివైపు. మధ్యలో మన భూమి. మూడూ పోర్చుగల్ చేతిలో ఉండేవి. 1954 జులై, ఆగస్టుల్లో దాద్రా, నాగర్ హవేలీల్లో తిరుగుబాటు జరిగి పోర్చుగల్ పాలన పోయింది. డామన్ నుంచి మనుషుల్ని పంపిస్తాం, దారి ఇవ్వండి అని పోర్చుగల్ అడిగితే భారత్ కుదరదంది. 1955 డిసెంబరులో పోర్చుగల్ ఐక్యరాజ్యసమితిలో చేరింది. ఆ నెలలోనే ఐసీజే పరిధికి ఒప్పుకుంటున్నామని ప్రకటన ఇచ్చి, మూడు రోజులకే 22న కేసు వేసేసింది. 1960 ఏప్రిల్ 12న తీర్పు వచ్చింది.

పోర్చుగల్ మూడు ఆధారాలు చూపింది. మరాఠాలతో 1779లో చేసుకున్న ఒప్పందం, దాని తర్వాత ఇచ్చిన సనదులు, అంటే హక్కు పత్రాలు, ఒకటి. అంతకాలం అడ్డు లేకుండా నడిచిన రాకపోకలు రెండోది. చుట్టూ పరాయి నేల ఉన్నవాడికి దారి ఇవ్వాలని లోకంలోని దేశాలన్నీ ఒప్పుకుంటాయి కాబట్టి అది సాధారణ సూత్రం అని మూడోది. ఈ మూడో వాదనకి రైన్‌స్టీన్ అనే ప్రొఫెసర్ చేత ఎన్నో దేశాల సివిల్ చట్టాలు వెతికించి ఒక అధ్యయనం కూడా పెట్టింది. పొలానికి బాట లేనివాడికి పక్కవాడు బాట ఇవ్వాలి అనేదే దాని సారం. రైతుబిడ్డా, నీ కేసే వాళ్లు హేగ్‌లో వాదించారన్నమాట.

ఒప్పందం గురించి కోర్టు ఏమంది? అది చెల్లదు అనలేదు కోదాడ తమ్ముడూ. 1779 ఒప్పందం చెల్లుతుందనే కోర్టు అనుకుంది. కానీ దానిలో ఇచ్చింది ఏమిటని చూస్తే పీష్వా ఏడాదికి 12,000 రూపాయల రాబడి వచ్చే ఊళ్లను జాగీరుగా, సరంజాముగా ఇచ్చాడు. అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు. రాజ్యాధికారం ఇవ్వలేదు. నేల మరాఠాలదే అయినప్పుడు మధ్యలో పరాయి దేశం అనే ప్రశ్నే లేదు, కాబట్టి దారి హక్కు ఆ ఒప్పందంలో పుట్టలేదు. మన జాగీర్దారీ కథలు విన్నవాళ్లకి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. జాగీర్దారు శిస్తు తింటాడు, రాజు మాత్రం కాడు.

1818లో మరాఠాల స్థానంలో బ్రిటిష్ వాళ్లు వచ్చారు. ఆ ఊళ్లు పోర్చుగల్ పాలనలో ఉన్నట్టు వాళ్లు నడవడికతోనే ఒప్పుకున్నారు. అక్కడి నుంచి రాకపోకల లెక్క మొదలైంది.

నల్లగొండ_లా_అమ్మాయి

మేడం, ఇది మా పుస్తకంలో రెండు లైన్లలో ఉంది. థాంక్స్. మరి ఆచారం అంటే చాలా దేశాలు పాటించాలి కదా? ఇక్కడ ఉన్నది రెండే దేశాలు.

వనపర్తి_పంతులమ్మ

భారత్ తరఫున సరిగ్గా అదే వాదించారు. ఇద్దరి మధ్య ఆచారం ఏర్పడదు అని. కోర్టు ఒప్పుకోలేదు. రెండు దేశాలు తమ మధ్య సంబంధాన్ని ఇదే నడిపిస్తుందని ఎరిగి, చాలాకాలం ఒక పద్ధతి పాటించినప్పుడు, అది వాళ్లిద్దరికీ హక్కులు, బాధ్యతలు పుట్టించకూడదని అనడానికి కారణం కనిపించదు అంది.

కాకపోతే ఒక మెలిక ఉంది. నూటపాతికేళ్లకు పైగా రాకపోకలు జరిగాయి సరే, కానీ ఎవరివి? ఇక్కడ కోర్టు రెండు గుంపులుగా విడదీసింది. మామూలు మనుషులు, సివిల్ అధికారులు, సరుకులు ఒక గుంపు. సైన్యం, సాయుధ పోలీసులు, ఆయుధాలు రెండో గుంపు.

మొదటి గుంపు పోవడానికి ఏనాడూ ప్రత్యేకంగా అడగలేదు. కస్టమ్స్ తనిఖీ వంటివి ఉన్నా దారి మాత్రం తెరిచే ఉంది. రెండో గుంపు మాత్రం అడిగే పోవాలి. 1878లో బ్రిటన్, పోర్చుగల్ చేసుకున్న ఒప్పందంలో 18వ అధికరణ అదే చెప్పింది. 1890లో ఒక గొడవ జరిగింది. సూరత్ జిల్లా పార్డీ తాలూకా మీదుగా పోర్చుగీసు సాయుధులు అడగకుండా పోతున్నారని బొంబాయి ప్రభుత్వం ఫిర్యాదు రాసింది. పోర్చుగీసు అధికారి జవాబు ఏమిటో తెలుసా? మా సేనలు ముందుగా అనుమతి లేకుండా బ్రిటిష్ భూభాగం దాటవు అని. 70 ఏళ్ల తర్వాత ఆ ఉత్తరమే పోర్చుగల్ మెడకి చుట్టుకుంది. హక్కు ఉన్నవాడు "మేం అడిగే వెళ్తాం" అని రాసివ్వడు కదా.

ఆ 1878 ఒప్పందం ముగిసిపోయాక కూడా ఇదే పద్ధతి నడిచింది, 1913 నాటి ఏర్పాటులోనూ మళ్లీ వచ్చింది. కాబట్టి మొదటి గుంపుకి హక్కు ఉందని 11 మంది, లేదని నలుగురు. రెండో గుంపుకి హక్కు లేదని 8 మంది, ఉందని ఏడుగురు. ఒక్క ఓటు తేడా.

మిర్యాలగూడ_వకీలు

మేడం చెప్పినదానికి ఒకటి కలుపుతా. పోర్చుగల్‌కి మొదటి గుంపులో హక్కు ఉందన్నా, ఆ హక్కు భారత్ నియంత్రణకు లోబడిందే అన్నారు. 1954లో అక్కడ ఉద్రిక్తత ఉంది కాబట్టి భారత్ దారి ఆపడం తన అధికారం లోపలే జరిగిందని 9 మంది, కాదని ఆరుగురు. అంటే పోర్చుగల్ హక్కు ఉందని నెగ్గింది, మనం తప్పు చేయలేదని నెగ్గాం. పరీక్షల్లో చాలామంది సగమే రాసి వదిలేస్తారు.

భారత్ తరఫున సేతల్వాద్ వాదించారు, ఈ ఒక్క కేసు కోసం మన దేశం నియమించిన అడ్‌హాక్ జడ్జిగా చాగ్లా కూర్చున్నారు. ఇద్దరూ బొంబాయి బార్ మనుషులే.

దేవరకొండ_రైతుబిడ్డ

వకీలు సాబ్, మీరు అడిగిన దానికి జవాబు. ఎడ్లబండికి మా నాయన ఎన్నడూ అడగలేదు. కోతల టైంలో హార్వెస్టర్ వచ్చినప్పుడు మాత్రం ప్రతిసారి అడిగేవాడు, వాళ్ల వరి గట్టు తొక్కుతది కాబట్టి. ఒకసారి వాళ్లు వద్దంటే కూలోళ్లతోనే కోయించినం.

మిర్యాలగూడ_వకీలు

చూశావా, నీ బండి వాళ్ల మామూలు మనుషుల గుంపు, నీ హార్వెస్టర్ వాళ్ల సైన్యం. అడగకుండా పోయినదానికి హక్కు అని గట్టిగా నిలబడవచ్చు. అడిగి పోయినదానికి అది పక్కాయన దయ అవుతుంది, ఎన్నేళ్లు పోయినా సరే. తమ్ముడూ, తీగ కట్టిన ఫొటోలు తీసి, తేదీలు రాసుకుని, దగ్గరలోని సివిల్ లాయర్ దగ్గరికి పో. నేను నక్ష చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. కొత్తగా అనుమతి అడుగుతూ కాయితం మాత్రం రాసివ్వకు.

కోదాడ_నోట్స్

సరే, 1920 సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. కానీ మేడం, నా పాయింట్ చావలేదు. ఆ కేసులో కోర్టు ఏ వరసలో నడిచింది? ముందు 1779 ఒప్పందం చూసింది. తర్వాత ఆచారం చూసింది. సాధారణ సూత్రాలు చూడలేదు. ఏ, బీ, సీ. నేను చెప్పిన మెట్లే కదా!

వనపర్తి_పంతులమ్మ

మంచి ప్రశ్న. నువ్వు గమనించింది నిజమే, దాని మీద కట్టిన అర్థమే జారిపోతుంది. జడ్జి పని చేసే వరస వేరు, నియమాల మధ్య హోదా వేరు. ఒప్పందం కాయితం మీద ఉంటుంది, ఒప్పుకున్నవాళ్ల సంతకాలుంటాయి, నిరూపించడం సులువు. సాధారణంగా అదే ప్రత్యేకంగా ఆ పార్టీల కోసం రాసుకున్నది కూడా. కాబట్టి ముందు దాన్ని చూస్తారు. అంతమాత్రాన అది పుట్టుకతోనే పెద్దదని కాదు.

సాధారణ సూత్రాల దగ్గర ఎందుకు ఆగారో తీర్పులోనే ఉంది. ఇద్దరి మధ్య స్పష్టంగా స్థిరపడిన ప్రత్యేక పద్ధతి దొరికింది, అలాంటి ప్రత్యేక పద్ధతి సాధారణ నియమాల మీద నెగ్గాలి, కాబట్టి సాధారణ ఆచారం గానీ సాధారణ సూత్రాలు గానీ పరిశీలించాల్సిన పని లేదు అంది కోర్టు. ఆ మాట జాగ్రత్తగా చదువు. ప్రత్యేక ఆచారం నెగ్గిన వాటిలో సాధారణ సూత్రాలే కాదు, సాధారణ ఆచారం కూడా ఉంది. "బీ" మీద "బీ"యే నెగ్గింది. నీ మెట్ల లెక్కలో అది ఎక్కడ ఇముడుతుంది? అక్కడ పని చేసింది ప్రత్యేకమైనది సాధారణమైన దాని మీద నెగ్గుతుందనే సూత్రం. ఏ సంచిలోంచి వచ్చిందని కోర్టు చూడలేదు.

ఇంకొక చిన్న సంగతి. 1878 ఒప్పందాన్ని కోర్టు ఎలా వాడిందో చూడు. ముగిసిపోయిన ఒప్పందం. ఒప్పందంగా దానికి 1954లో బలం లేదు. కానీ ఆచారం ఎక్కడి దాకా ఉంది, ఎక్కడ ఆగింది అని తేల్చడానికి అది సాక్ష్యమైంది. ఒప్పందం ఇక్కడ ఆచారానికి నౌకరీ చేసింది.

అచ్చంపేట_సివిల్స్

చదువుతూ వస్తున్నాను, బాగుంది. కానీ మేడం, హోదాయే లేదంటే ఎలా? జస్ కోజెన్స్ ఉంది కదా, అంటే ఏ దేశమూ తప్పించుకోలేని నియమాలు. ఒప్పందాల చట్టం మీద వచ్చిన 1969 వియన్నా ఒడంబడిక 53వ అధికరణ. బానిసత్వం మీద రెండు దేశాలు ఒప్పందం చేసుకుంటే అది పుట్టుకతోనే చెల్లదు. అది హోదా కాకపోతే ఇంకేమిటి? ఇంకోటి, ఐరాస చార్టర్ 103. చార్టర్ బాధ్యతకి, వేరే ఒప్పందానికి పొత్తు కుదరకపోతే చార్టరే నెగ్గుతుంది.

వనపర్తి_పంతులమ్మ

హోదా ఉంది, కాదనను. కానీ అది ఒప్పందం, ఆచారం, సూత్రం అనే సంచుల మధ్య కాదు. జస్ కోజెన్స్ నియమం ఎక్కువగా ఆచారంలోంచే వస్తుంది, వచ్చి ఒప్పందాన్ని పడగొడుతుంది. కోదాడ మెట్ల ప్రకారం అయితే అది జరగనే కూడదు. ఇక్కడ బరువు నియమంలో ఉన్న విషయానిది. 103 మాత్రం వేరు. అక్కడ చార్టర్ అనే ఒక ఒప్పందమే తన గురించి తాను రాసుకుంది. భారత్ వియన్నా ఒడంబడికలో చేరలేదన్న సంగతి కూడా గుర్తు పెట్టుకో, సివిల్స్‌లో అడుగుతారు.

ఆ మాట ఎత్తావు కాబట్టి, ఈ దారి కేసులోనే జస్ కోజెన్స్ దాక్కుని ఉంది, చాలామంది చూడరు. పోర్చుగల్ నియమించిన అడ్‌హాక్ జడ్జి ఫెర్నాండెజ్ భిన్నాభిప్రాయం రాశాడు. ప్రత్యేకమైనది సాధారణమైన దాని మీద నెగ్గుతుంది, నిజమే, కానీ దానికి మినహాయింపులున్నాయి అన్నాడు. కొన్ని సాధారణ నియమాలు ఎవరూ తప్పించుకోలేనివి, వాటి మీద ఏ ప్రత్యేక పద్ధతీ నెగ్గదు, చుట్టూ పరాయి నేల ఉన్నవాడికి దారి ఇవ్వాలనే సూత్రం అలాంటి జస్ కోజెన్సే అని. వియన్నా ఒడంబడిక ఇంకా తొమ్మిదేళ్లకు గానీ రాలేదు.

అచ్చంపేట_సివిల్స్

అంటే "సీ" అనే సంచిలోని సూత్రం "బీ"ని కొట్టేయాలని ఒక జడ్జి రాశాడా? కోదాడ అన్నా, నీ మెట్లు తలకిందులయ్యాయి.

కోదాడ_నోట్స్

ఒక్కడు భిన్నాభిప్రాయం రాస్తే చట్టం అయిపోదు తమ్ముడూ. దారి ఇవ్వడం బానిసత్వం లాంటిదా? నేను ఒప్పుకోను.

వనపర్తి_పంతులమ్మ

ఆ విషయంలో నేను నీ పక్షమే. దారి హక్కుని జస్ కోజెన్స్ దాకా లాగడం నాకూ అతిగానే అనిపిస్తుంది. ఆయనకి మెజారిటీ రాలేదు కూడా. ఆ వాదన వేసిన చోటు మాత్రం సరైనదే, ప్రత్యేకమైన దానికి కూడా ఒక హద్దు ఉంటుంది.

అచ్చంపేట_సివిల్స్

సరే, నా అసలు అనుమానం ఇది. ఒప్పందం ఉండగానే తర్వాత వచ్చిన ఆచారం దాన్ని మార్చగలదా? మీరు చెప్పిన కేసులో ఒప్పందం దారి గురించి ఏమీ ఇవ్వలేదు కాబట్టి నిజంగా రెండూ ఢీకొనలేదు. నిజంగా ఢీకొన్న చోటు చూపించండి.

చార్టర్ 27వ అధికరణ మూడో క్లాజు తీసుకుంటాను. భద్రతా మండలి నిర్ణయానికి శాశ్వత సభ్యుల అనుకూల ఓట్లు కలవాలి అని రాసి ఉంది. ఒక శాశ్వత సభ్యదేశం ఓటు వేయకుండా ఊరుకుంటే? అక్షరం చూస్తే నిర్ణయం పడిపోవాలి. కానీ ఎన్నో ఏళ్లుగా అలా ఊరుకోవడాన్ని వీటోగా ఎవరూ లెక్కించడం లేదు. 1971 నమీబియా సలహా అభిప్రాయంలో ఐసీజే కూడా ఆ పద్ధతిని ఒప్పుకుంది. అంటే ఆచారం ఒప్పందాన్ని తిరగరాసినట్టే కదా?

వనపర్తి_పంతులమ్మ

ఇక్కడ నేను గట్టిగా ఒకటి చెప్పలేను, ఎందుకంటే పండితులే రెండుగా చీలిపోయారు. కొందరు అది ఒప్పందానికి అర్థం చెప్పడమే అంటారు. పార్టీలందరూ ఒక మాటకి ఒక అర్థం ఇస్తూ నడిచారు, అంతే. కొందరు మాత్రం అది అర్థం చెప్పడాన్ని దాటిపోయిందని, నిజంగా మార్పేనని అంటారు. వియన్నా ఒడంబడిక రాసేటప్పుడు, తర్వాతి నడవడి ఒప్పందాన్ని మార్చగలదు అని ముసాయిదాలో ఒక అధికరణ ఉండేది. దౌత్యవేత్తల సమావేశంలో దాన్ని తీసేశారు. సంతకం పెట్టిన దానికి పార్లమెంటు అనుమతి తీసుకుని, తర్వాత అధికారుల నడవడితో అది మారిపోతే దేశాలు భయపడవా మరి. కానీ తీసేసినంత మాత్రాన మార్పు జరగదని తేలిందా అంటే అదీ లేదు.

మిర్యాలగూడ_వకీలు

ఇక్కడ మేడంతో నాది చిన్న తేడా. నాకు అది మార్పే. "అనుకూల ఓట్లు కలవాలి" అనే మాటకి "వ్యతిరేక ఓటు లేకపోతే చాలు" అనే అర్థం ఎంత సాగదీసినా రాదు. మా కోర్టుల్లో అలా అర్థం చెబితే జడ్జి ఫైలు తిరిగి ఇచ్చేస్తాడు.

నికరాగువా కేసు కూడా చూడు అచ్చంపేటా. 1986. కోర్టు పరిధికి ఒప్పుకుంటూ అమెరికా పెట్టుకున్న ఒక రిజర్వేషన్, అంటే షరతు, వల్ల ఐరాస చార్టర్‌ని ఒప్పందంగా వర్తింపజేయడానికి ఐసీజేకి వీల్లేకపోయింది. అయినా బలప్రయోగం మీద నిషేధం ఆచారంలో విడిగా బతికే ఉంది అని ఆ ఆచారం మీదే తీర్పు ఇచ్చింది. ఒప్పందంలోకి ఎక్కినంత మాత్రాన ఆచారం చచ్చిపోదు. ఒప్పందం పైన, ఆచారం కింద అయితే ఒప్పందం పక్కకి పోయాక కింద ఏమీ మిగలకూడదు కదా.

నల్లగొండ_లా_అమ్మాయి

మేడం, సార్, అయితే పరీక్షలో మొదటి ప్రశ్న వస్తే ఏం పెట్టాలి? కీలో తప్పుంటే మేం కరెక్టు రాసినా మార్కు పోతుంది. నిజంగా టెన్షన్.

వనపర్తి_పంతులమ్మ

వ్యాసం ప్రశ్నయితే నేను చెప్పింది రాయి, మార్కులు ఎక్కడికీ పోవు. ఆప్షన్ల ప్రశ్నయితే "ఏ, బీ, సీ మధ్య అధికారికంగా హోదా క్రమం లేదు" అనే ఆప్షన్ ఉందేమో ముందు వెతుకు. ఉంటే అదే. లేకపోతే ప్రశ్నను ఇంకోసారి చదువు, "కోర్టు సాధారణంగా ముందు దేన్ని పరిశీలిస్తుంది" అని అడిగి ఉండవచ్చు. అప్పుడు ఒప్పందమే. మీ మోడల్ పేపర్ కీ మాత్రం మార్చమని ఆ సెంటర్ వాళ్లకి చెప్పండి.

కోదాడ_నోట్స్

నా నోట్స్‌లో "మెట్లు" అనే మాట కొట్టేసి "చూసే వరస" అని రాసుకున్నాను. కానీ ఒకటి అడుగుతా. తీర్పు 1954 నాటికి హక్కు ఉందని చెప్పింది. 1960 తర్వాత ఆ హక్కు ఏమైంది? 1961లో పార్లమెంటు దాద్రా, నాగర్ హవేలీని కేంద్రపాలిత ప్రాంతం చేసింది. తీర్పుని ఉల్లంఘించినట్టా?

వనపర్తి_పంతులమ్మ

కాదు. ఊళ్లు పోర్చుగల్ చేతిలోంచి పోయాక దారి హక్కు కూడా పోయింది అని భారత్ వాదించింది. 1954 జులైలో ఉందా లేదా, అప్పుడు మనం తప్పు చేశామా లేదా, ఇంతవరకే కోర్టు చూసింది. ఆ తర్వాత హక్కు మిగిలిందా అనే ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. హక్కే "ఆ ఊళ్ల మీద పోర్చుగల్ సార్వభౌమత్వం నడపడానికి కావలసినంత" అని కొలిచి ఇచ్చారు కాబట్టి, సార్వభౌమత్వం లేనప్పుడు ఆ కొలత సున్నా అవుతుందని నా వాదన. పోర్చుగల్ మాత్రం 1974 డిసెంబరు ఆఖరున ఒప్పందం చేసుకునేదాకా ఆ ఊళ్లు మనవని ఒప్పుకోలేదు. మధ్యలో ఆ 14 ఏళ్లు హక్కు ఏ స్థితిలో ఉందో ఏ కోర్టూ చెప్పలేదు.

మిర్యాలగూడ_వకీలు

వేసవి సెలవుల్లో మూట్ కోర్టుకి మంచి సమస్య అది. మేడం, మీరు భారత్ తరఫు తీసుకుంటే పోర్చుగల్ తరఫు నేను నిలబడతా. కోదాడ తమ్ముడు ఎవరి జూనియరో అతనే తేల్చుకోవాలి.

దేవరకొండ_రైతుబిడ్డ

వకీలు సాబ్, నక్ష తీయించిన. బాట గీసి ఉంది, కానీ మా చేనుకి సగం దూరం దాకానే. మిగతా సగానికి ఏం చేయాలె?

మిర్యాలగూడ_వకీలు

అక్కడే అసలు పని ఉంది. ఆ మిగతా సగంలో మీ బండి పోవడం చూసిన పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకో, వాళ్లలో పక్కాయన చుట్టాలు ఒక్కరైనా ఉంటే ఇంకా మంచిది. నక్ష నకలు మీద సర్వే నంబర్లు స్పష్టంగా పడ్డాయో లేదో చూసి మెసేజ్ పెట్టు.